టేబుల్‌లో ఉన్న అంకెలే మళ్లీ పేరాలో ఎందుకు?

"సార్, మాది నర్సంపేట. మా అమ్మాయి ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. టేబుల్‌లో ఉన్నదే మళ్లీ రాసిందని గైడ్ రిజల్ట్స్ చాప్టర్ తిప్పి పంపారు. తనకు రాయడమే రాదని ఏడుస్తోంది. ఇది మాన్పించి హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా?"

వద్దండీ. రెండు సీజన్లు ఎండలో నిలబడి ప్రయోగం పూర్తి చేసిన పిల్లను ఒక్క చాప్టర్ తిరిగొచ్చిందని మాన్పిస్తానంటారేంటి? ఆమె టెన్షన్ కంటే మీ టెన్షనే ఎక్కువగా కనిపిస్తోంది. ఆ కోర్సుల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ నేర్పిస్తారు కానీ వచ్చిన ఫలితంలో ఏ అంకె చెప్పాలి, ఏది వదిలేయాలి అన్నది చాలాచోట్ల నేర్పరు. రేపు ఉద్యోగంలో మేనేజర్ అడిగేది కూడా అదే. గైడ్ ఇప్పుడు మీ అమ్మాయికి నేర్పిస్తున్నదీ అదే, అదీ ఫీజు లేకుండా.

ఇక అమ్మాయికి. పత్తిలో మొక్కల మధ్య దూరం మీద ప్రయోగం అనుకో, అంకెలు ఉదాహరణకే. సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 60, 45, 30, 15. దిగుబడి హెక్టారుకు వరుసగా 1420, 1510, 1655, 1690 కిలోలు. సీడీ, అంటే రెండు దిగుబడుల తేడాను నిజమైన తేడాగా లెక్కించడానికి కావలసిన కనీస అంతరం, 110. ఈ నాలుగూ, సీడీ, సీవీ అన్నీ టేబుల్‌లోనే ఉండాలి, ఎవరైనా వెతుక్కుని చూసుకునే చోటు అది. నాలుగింటినీ పేరాలో వరసబెట్టి చదివితే కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

పేరాలోకి టేబుల్ నేరుగా చెప్పనిది రావాలి, అంటే నువ్వు తీసిన తేడా, దాని అర్థం. ఇలా రాయి: "దూరం 60 నుంచి 30 సెంటీమీటర్లకు తగ్గిస్తే దిగుబడి 235 కిలోలు, దాదాపు 17 శాతం పెరిగింది. 15కి తగ్గిస్తే మరో 35 కిలోలే పెరిగింది, అది సీడీ కంటే తక్కువ కాబట్టి రెండూ ఆన్ పార్ (టేబుల్ 4)." మొక్కల మధ్య దూరం సగమైతే విత్తనం దాదాపు రెట్టింపు కావాలి కదా, ఆ ఖర్చుకు తగ్గ ఫలితం కనిపించలేదన్న మాట డిస్కషన్‌లో వస్తుంది, రైతుకు కావలసింది కూడా అదే. 45 కూడా 60తో ఆన్ పారే, తేడా 90 కిలోలే, కానీ నీ వాదనకు అది అవసరం లేకపోతే పేరాలో వదిలేయ్, టేబుల్ చూసినవాళ్లకు తెలుస్తుంది.

రాసిన ప్రతి వాక్యంలోంచి అంకె తీసేసి చదువు. చెప్పే విషయం బలహీనపడితే ఆ అంకె ఉండాలి, పడకపోతే టేబుల్‌కు పంపెయ్. ఒకే విలువ రెండుచోట్లా ఉంటే ఇంకో తలనొప్పి ఉంది: గైడ్ చెప్పాక టేబుల్‌లో 1655ని 1648గా దిద్దుతావు, పేరాలో పాతదే మిగిలిపోతుంది, వైవాలో ఎగ్జామినర్ కన్ను సరిగ్గా దాని మీదే పడుతుంది. నువ్వు తీసిన తేడాలను కూడా అప్పుడు మళ్లీ లెక్కగట్టాలి. రెండు మూడు విలువలే ఉన్నచోట, ఉదాహరణకు మట్టి పీహెచ్, నత్రజని, వాటికి టేబుల్ అక్కర్లేదు, ఒక వాక్యం చాలు.

అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం పద్ధతి వేరు. అక్కడ టేబుల్ ఉండదు కాబట్టి 1655, 1420 రెండూ ప్రమాణంతో సహా రాయాల్సిందే.