షేర్లన్నీ స్వదేశంలోనే ఉంటే సరిపోతుందా?

నా పొదుపంతా మా దేశపు షేర్లలోనే ఉంది. కొంత విదేశీ షేర్లలో పెట్టడం ఖర్చుకు తగిన పనేనా?

తగినదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మీ ఉద్యోగం, ఇల్లు ఇప్పటికే ఆ ఒక్క ఆర్థిక వ్యవస్థ మీదే ఆధారపడి ఉంటాయి. జపాన్ నిక్కీ సూచీ 1989 చివర చేరిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024లోనే. మధ్యలో డివిడెండ్లు అందినా, అంతా అక్కడే ఉంచినవారికి అది సుదీర్ఘ నిరీక్షణ.

అయితే ఖర్చులను ముందే లెక్కించండి. కరెన్సీ మార్పిడిలో పోను, రాను 1 శాతం చొప్పున పోతే, పదేళ్లు ఉంచినవారికి అది ఏటా దాదాపు 0.2 శాతమే, ఏడాదికే అమ్మేవారికి మాత్రం 2 శాతం. 2 శాతం డివిడెండుపై విదేశంలో 15 శాతం పన్ను కోస్తే మరో 0.3 శాతం తగ్గుతుంది. ఆ పన్నును స్వదేశంలో సర్దుబాటు చేసుకునే వీలుందో లేదో, విదేశాలకు డబ్బు పంపడానికి పరిమితి ఎంతో విచారించి, చిన్న మొత్తమైతే తక్కువ రుసుమున్న ఇండెక్స్ ఫండ్‌ను ఎంచుకోండి.