కామెర్లు ప్రబలినప్పుడు గ్రాఫ్ ఎందుకు గీస్తారు

ప్రశ్న: "ఒక ఊళ్లో ఉన్నట్టుండి చాలామందికి ఒకే జబ్బు వస్తే, దానికి కారణం ఏంటో డాక్టర్లు ఎలా కనుక్కుంటారు? ముందు ఏం చేస్తారు? కేసుల గ్రాఫ్ గీస్తారంటారు కదా, దాంతో నిజంగా ఉపయోగం ఉందా, రిపోర్టు కోసమేనా?"

ఉపయోగం ఉంది. ఆ గ్రాఫ్ వల్ల ఒక వంటమేస్త్రి పోలీసు కేసు తప్పించుకోవడం నా కళ్లారా చూశాను, కాబట్టి ఈ విషయంలో నాతో వాదన పెట్టుకోకండి.

జిల్లా స్థాయిలో ఈ జబ్బుల నిఘా పని చూసే విభాగంలో కొన్నేళ్లు చేశాను. కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ నుంచి మార్చి రెండో వారంలో కబురొచ్చింది, ఒక వార్డులో కామెర్లు ఎక్కువగా ఉన్నాయని. మేం వెళ్లేసరికే ఊరంతా తీర్పు ఇచ్చేసి కూర్చుంది. ఫిబ్రవరి 5న ఆ వార్డులో పెద్ద పెళ్లి జరిగింది. 9న పెళ్లికూతురి బాబాయికి కళ్లు పచ్చబడ్డాయి, ఇంకో రెండు రోజులకు భోజనానికి వెళ్లిన మరొకాయనకు. ఇంకేముంది, పెరుగావడలో ఏదో కలిసిందని తేల్చేశారు. వంటమేస్త్రి బయటకు రావడం మానేశాడు. లోకల్ పేపర్లో 'విందు భోజనం విషమైంది' అన్న తరహా వార్త కూడా పడింది. ఎవరు రాశారో గానీ, ఒక్క రోగి ఇంటికి వెళ్లి అడిగినట్టు మాత్రం లేదు.

ముందు చూడాల్సింది నిజంగా జబ్బు ప్రబలిందా లేదా అని. కేసులు పెరిగినట్టు కనిపించడానికి సవాలక్ష కారణాలుంటాయి. కొత్తగా ల్యాబ్ తెరిచినా, మెడికల్ క్యాంపు పెట్టినా, భయంతో అందరూ పరీక్ష చేయించుకున్నా సంఖ్య పెరుగుతుంది. అందుకే అదే నెలలో గత సంవత్సరాల రిజిస్టర్లు తీస్తాం. అక్కడ మామూలుగా ఒకటో రెండో ఉండే చోట పదుల్లో ఉన్నాయి, అనుమానం లేదు. రెండోది, అది ఏ జబ్బో మన కళ్లతో చూసుకోవడం. అందరికీ రక్తపరీక్ష అక్కర్లేదు, కొంతమంది శాంపిల్స్ చాలు. హెపటైటిస్ ఈ అని వచ్చింది. నీటి ద్వారా వచ్చే కామెర్లలో మన దగ్గర పెద్దవాళ్లకు ఎక్కువగా కనిపించేది ఇదే. మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది గానీ నెలలు నిండుతున్న గర్భిణికి ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే కారణం తేలేవరకూ ఆగకుండా ఆ రోజే ట్యాంకర్లు పెట్టించి, నీళ్లు కాచి తాగమని చెప్పించి, వార్డులో ఉన్న గర్భిణుల జాబితా తీసి ఒక్కొక్కరినీ చూశాం.

తర్వాత ఎవరిని కేసుగా లెక్కపెట్టాలో రాసుకోవాలి. జనవరి 1 తర్వాత, ఆ వార్డులో ఉంటూగానీ అక్కడికి వచ్చి పోతూగానీ, కళ్లు పచ్చబడటం లేదా మూత్రం ముదురు రంగులోకి మారడం, దాంతోపాటు అన్నం సయించకపోవడం లేదా వాంతులు. అంతే. ఈ నిర్వచనంలో 'పెళ్లి భోజనం తిన్నవారు' అని పెట్టమని ఒక పెద్దమనిషి గట్టిగా పట్టుబట్టాడు. అది పెడితే కథ అక్కడితో సరి. తిన్నవాళ్లనే వెతుకుతారు, తిన్నవాళ్లే దొరుకుతారు, చూశారా చెప్పాం కదా అంటారు.

ఇక అసలు తలనొప్పి తేదీలు. ఆసుపత్రి రిజిస్టర్లో ఉండేది రోగి వచ్చిన తేదీ, జబ్బు మొదలైన తేదీ కాదు. ఆ తేదీలతో గ్రాఫ్ గీస్తే ప్రతి సోమవారం జబ్బు ప్రబలినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆదివారం ఓపీ ఉండదు. ఎన్ని రివ్యూ మీటింగుల్లో ఇలాంటి గ్రాఫులు పెద్ద స్క్రీన్ మీద రంగురంగుల్లో చూపించగా అందరూ తలలూపడం చూశానో! పైగా కామెర్లకు మనవాళ్లు ఆసుపత్రికి వస్తే కదా. పక్క ఊళ్లో పసరు మందు ఇచ్చే పెద్దాయన దగ్గరికి పోతారు. మేమూ ఆయన దగ్గరికే వెళ్లాం. ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్, అట్ట చిరిగి, అంచులకు పసరు మరకలు. ప్రతి పేరు పక్కన వీధి, దాని పక్కన మూత్రం ఏ రోజు పచ్చబడిందో రాసి ఉంది. "అది తెలీకుండా ఎన్ని మోతాదులివ్వాలో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. పసరు పనిచేస్తుందని నేననడం లేదు, కానీ ఆ నోట్‌బుక్ మాత్రం ప్రభుత్వ రిజిస్టర్ కన్నా నయం. అందులోంచి మాకు ఎక్కడా నమోదు కాని కేసులు చాలా దొరికాయి. మిగతావి ఆశా కార్యకర్తలతో ఇల్లిల్లూ తిరిగి పట్టుకున్నాం. తేదీ గుర్తులేని వాళ్లను ఏకాదశికి ముందా తర్వాతా, జీతాలు పడ్డాకా ముందా అని అడిగితే ఒకటి రెండు రోజుల తేడాతో చెప్పగలుగుతారు.

అలా ఒక్కో రోగికి ఒక్కో వరుస రాసుకుని, అప్పుడు గ్రాఫ్. అడుగున తేదీలు, నిలువునా కేసులు. రోజుకొక గడి వేస్తే దువ్వెన పళ్లలా ఉంటుంది, ఏమీ అర్థం కాదు. నెలకొకటి వేస్తే ఒకే దిమ్మె. జబ్బు కడుపులోకి వెళ్లాక బయటపడటానికి పట్టే కాలంలో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఒక గడికి పెట్టుకోవాలన్నది లెక్క. హెపటైటిస్ ఈకి ఆ కాలం సుమారు 15 నుంచి 60 రోజులు, సగటున 40. కాబట్టి వారానికొక గడి వేశాం. ఫిబ్రవరి 8తో మొదలయ్యే వారంలో 2, తర్వాత 7, 13, మార్చి మొదటి వారంలో 21, మేం ఉన్న వారంలో అప్పటికి 9.

ఆ 9 చూసి మున్సిపల్ వాళ్లు తగ్గుముఖం పట్టిందని సంబరపడ్డారు. అది తొందరపాటు. చివరి వారం ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే జబ్బు పడ్డవాళ్లు ఇంకా మన లెక్కలోకి వచ్చి ఉండరు. ఆ 9 తర్వాత 14 అయింది. అయినా 21 కన్నా తక్కువే కాబట్టి తగ్గుదల నిజమేనని అప్పుడు ఒప్పుకున్నాం.

ఇప్పుడు గ్రాఫ్ ఆకారం చూడండి. చకచకా ఎక్కి ఒకే శిఖరం, ఆ తర్వాత దిగుడు. నెలల తరబడి నీళ్లు చెడితే ఇలా ఉండదు, ఎక్కి అక్కడే సాగుతుంది. అంటే అందరికీ కొద్ది రోజుల వ్యవధిలోనే అంటింది. ఎప్పుడు? శిఖరం మార్చి 4 దగ్గర, 40 రోజులు వెనక్కి లెక్కిస్తే జనవరి 23. జనవరిలో విడిగా పడ్డ ఒకరిని పక్కన పెడితే మొదటి కేసు ఫిబ్రవరి 9, అక్కడి నుంచి కనీస కాలం 15 రోజులు తీసేస్తే జనవరి 25. రెండు లెక్కలూ జనవరి ఆఖరి వారం దగ్గరే ఆగాయి. అప్పటికి పెళ్లికి పందిరి కూడా వేయలేదు! పెరుగావడ ఎంత పాడైనా, ఫిబ్రవరి 5న తిన్నవాడికి ఈ కామెర్లు 20కి ముందు రావు, కానీ 19 లోపలే ఎనిమిది మంది పడ్డారు.

అయినా వార్డులో ఒకాయన వదల్లేదు. "రోగుల్లో సగం మంది పెళ్లికి పోయినోళ్లే కదండీ" అన్నాడు. నిజమే. అందుకని జబ్బు పడని ఇళ్లలోనూ అడిగించాం. వాళ్లలోనూ సగం మంది పెళ్లికి వెళ్లారు. అది వార్డులో అందరినీ పిలిచిన పెళ్లి, వెళ్లకపోతే వింత. రోగుల్ని మాత్రమే అడిగితే ఏ నేరమైనా ఎవరి మీదైనా రుజువు చేయొచ్చు.

మరి కారణం ఏంటి? వీధుల వారీగా లెక్క తీస్తే, పైపులైను చివర ఉన్న మూడు వీధుల్లో ఆరువందల మంది ఉంటారు, వాళ్లలో వందకు తొమ్మిది మంది చొప్పున పడ్డారు. మిగతా వార్డులో తొమ్మిది వందల మంది దాకా ఉంటే ఐదు కేసులే. ఆ ఐదుగురినీ, వార్డులో ఇల్లు లేని ఇంకో ముగ్గురు కూలీలనూ విడిగా కూర్చోబెట్టి అడిగాం. లెక్కకు లొంగని వాళ్ల దగ్గరే తరచుగా ఆచూకీ ఉంటుంది. చాలామంది చివరి వీధిలోని ఒకే టిఫిన్ బండి పేరు చెప్పారు. ఆ బండి టీ నీళ్లు కాగుతాయి సరే, తాగే నీళ్ల డ్రమ్ము మాత్రం ఆ వీధి కుళాయిదే.

అప్పుడు జనవరి నెల ఫిర్యాదుల పుస్తకం అడిగాం. మొదట లేదన్నారు, తర్వాత దొరికింది. జనవరి 23న 'నీళ్లు మురుగు వాసన' అని ఒకటి, 27న 'సరిచేయబడింది' అని ఇంకొకటి. సంక్రాంతి వెళ్లాక ఏదో కేబుల్ కోసం రోడ్డు తవ్వారట. తవ్విస్తే, సైడు కాలువ కింద నుంచి వెళ్లే పైపు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరుతో బిగించి ఉంది. సరిచేయడమంటే అదీ. నీళ్లు రోజుకు గంటసేపే వదులుతారు, మిగతా సమయంలో ఖాళీ పైపు పక్కనున్న మురుగును లోపలికి లాక్కుంటుంది.

మార్చిలో నీటి శాంపిల్ తీస్తే శుభ్రంగా ఉందని వచ్చింది. రాదూ మరి, మేం వస్తున్నామని తెలిసి ముందురోజే బ్లీచింగ్ దంచి పోశారు, కుళాయి తిప్పితే ముక్కు మండింది. ఏడు వారాల కిందటి నీళ్ల గురించి ఇవాళ్టి సీసా ఏం చెబుతుంది? అయినా ఆ 'శుభ్రం' కాగితం పట్టుకుని పైపుతో సంబంధం లేదని వాదించినవాళ్లున్నారు.

ఇదంతా వంద శాతం రుజువైందని చెప్పను. జనవరి 20నే కామెర్లు మొదలైన ఒక యువకుడు మా పట్టికలో ఒంటరిగా ఉన్నాడు, బయట ఎక్కడో పనిచేసి పండక్కి ఇంటికొచ్చినవాడు, ఇల్లు ఆ కాలువ పక్కనే. కాలువలోకి ఆ వైరస్ అతని నుంచే వచ్చిందా, ఇంకెవరి నుంచో వచ్చిందా తేల్చే దారి అప్పటికి లేదు. మేం ఆ ముక్క రిపోర్టులో రాశాం గానీ అతని పేరు ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే వంటమేస్త్రి బదులు అతను దొరికేవాడు.

పైపు మార్చాక కూడా కేసులు వస్తూనే ఉన్నాయని కౌన్సిలర్ మా మీద అరిచాడు. గ్రాఫ్ ముందు పెట్టి, జనవరి 27 నుంచి 60 రోజులు లెక్కపెట్టి చూపించాను. మార్చి ఆఖరిదాకా ఒకటీ అరా వస్తాయి, అవి పాతవే, ఏప్రిల్ సగం దాటాక కొత్తగా ఎవరైనా పడితే మాత్రం ఇంకో లీకు వెతకాలి అన్నాను. తర్వాతి వారం 5, ఆ పై వారం 1. ఆ ఒక్కటి మార్చి 28న.