డ్రిఫ్ట్, షిఫ్ట్: ఫ్లూ టీకా ఏటా మారేది దేనివల్ల?

ప్రశ్న: ఫ్లూ వైరస్‌లో డ్రిఫ్ట్‌కీ షిఫ్ట్‌కీ తేడా ఏంటి? పోయినేడు వేయించుకున్న టీకా ఈ ఏడు ఎందుకు చాలదు?

డ్రిఫ్ట్ అంటే అచ్చుతప్పులు పోగుపడటం. ఫ్లూ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని కాపీ చేసుకునేటప్పుడు తప్పులు దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. ఆ తప్పు వైరస్ పైనుండే హీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్‌లో, సరిగ్గా మన యాంటీబాడీలు పట్టుకునే చోట పడితే వాటి పట్టు జారుతుంది. టీకాని తరచూ మార్చాల్సి రావడం ప్రధానంగా దీనివల్లే.

2014 సంగతే చూడండి. తయారీకి ఆరు నెలలదాకా పడుతుంది కాబట్టి ఉత్తరార్ధగోళం టీకాలో ఏ రకాలుండాలో డబ్ల్యూహెచ్‌ఓ ఫిబ్రవరిలోనే చెప్పేస్తుంది. ఆ ఏడు హెచ్3ఎన్2 అనే ఫ్లూ వైరస్‌కి 2012 నాటి టెక్సాస్ రకాన్ని ఎంచుకున్నారు. ఈలోగా వైరస్ మారిపోయింది. సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి కొత్తగా స్విట్జర్లాండ్ రకాన్ని సూచించారు గానీ, ఉత్తరార్ధగోళానికి అప్పటికే ఆలస్యమైంది. అమెరికాలో ఆ సీజన్ టీకా రక్షణ సుమారు 19 శాతమే. ఎవరో పొరపాటు చేశారని కాదు, ముందుగా పందెం కాయక తప్పదు మరి.

షిఫ్ట్ వేరే కథ, అరుదు, ఇన్‌ఫ్లుయెంజా ‘ఎ’ రకంలోనే కనిపిస్తుంది. ఈ వైరస్ జన్యువులు ఎనిమిది విడి ముక్కలుగా ఉంటాయి. రెండు వైరస్‌లు ఒకే కణంలో దూరితే ముక్కలు కలగలిసిపోవచ్చు. 1968లో మనుషుల్లో తిరుగుతున్న హెచ్2ఎన్2కి పక్షి వైరస్ నుంచి హెచ్3 రకం హీమాగ్లుటినిన్ ముక్క వచ్చి చేరింది. దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు చాలామందిలో లేవు, మహమ్మారి వచ్చింది. అలాంటప్పుడు సీజనల్ టీకాలో చిన్న మార్పు చాలదు, ఆ వైరస్‌కే విడిగా టీకా కావాలి.

అన్నట్టు, రకాలు మారని ఏడు కూడా టీకా వేయించుకోమంటారు. నెలలు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గిపోతాయి.