వైండింగ్ పని వచ్చు, చేతిలో సర్టిఫికెట్ లేదు

"సార్, నాకు 22 ఏళ్లు. మాది నర్సంపేట దగ్గర ఊరు. బీటెక్ ట్రిపుల్ ఈ రెండో ఏడాదిలో క్రెడిట్స్ తక్కువై డిటెయిన్ అయ్యాను, మళ్లీ కాలేజీకి పోలేదు. ఏడాదిన్నరగా వరంగల్‌లో మోటర్ వైండింగ్ షాపులో చేస్తున్నాను. పని బాగా పట్టుబడింది, ఇష్టంగా కూడా ఉంది. కానీ బాపు నాతో మాట్లాడటం మానేసిండు. మా బావ ఎవరో ఏజెంటు ద్వారా 70 వేలకు 'వన్ సిట్టింగ్'లో బీటెక్ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నడు. కాలేజీవాళ్లు ఒరిజినల్స్ ఇవ్వడం లేదు, మిగిలిన రెండేళ్ల ఫీజు కట్టమంటున్నరు. సర్టిఫికెట్ లేకుండా ఎంతకాలం బతకాలె? ఇంట్లో ఉండాలంటేనే టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, ముందు ఆ 70 వేల సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, అది మాత్రం ఆగదు.

ఇంజనీరింగ్ డిగ్రీని దూరవిద్యలో చదివించడానికి మన దేశంలో గుర్తింపు లేదు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. అప్పటికే ఉద్యోగాలు చేస్తున్నవాళ్ల డిగ్రీలు కూడా చిక్కుల్లో పడ్డాయి. వాళ్లు కనీసం క్లాసు పుస్తకాలు చదివి పరీక్షలు రాశారు. వన్ సిట్టింగ్ అంటే అదీ లేదు. నువ్వు షాపులో మోటర్లు విప్పుతున్న సంవత్సరాల్లో ఎక్కడో క్లాసులో కూర్చున్నట్టు పాత తేదీలతో కాగితం తయారు చేస్తారు. ఉద్యోగంలో చేరాక ఆ కాగితాన్ని వెరిఫికేషన్‌కు పంపుతారు. అది బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, ఫోర్జరీ కేసు నీ మీద పడుతుంది. ఏజెంటు ఫోన్ అప్పటికి స్విచాఫ్ అయి ఉంటుంది.

మీ బావది చెడ్డ ఉద్దేశం కాదు. మరదలి మొగుడో, బావమరిదో వెనకబడితే ఏదో ఒకటి చేయాలనుకునే మనుషులు మన ఇళ్లల్లో ఉంటారు. అందుకే ఆయనతో వాదన పెట్టుకోకు. "బావా, నా అడ్మిషన్ ఏ సంవత్సరం చూపిస్తారో ఆ ఏజెంటును అడుగు" అను చాలు. దూరవిద్యకు అనుమతి ఉన్న యూనివర్సిటీలూ కోర్సులూ యూజీసీ వెబ్‌సైటు deb.ugc.ac.in లో ఉంటాయి. ఇద్దరూ కలిసి అందులో బీటెక్ కోసం వెతకండి. దొరకదు. నీ పదో తరగతి మెమో, ఆధార్ జిరాక్సులు ఇప్పటికే ఏజెంటుకు చేరి ఉంటే ఈ వారమే వెనక్కి తీసుకోండి.

ఇక ఒరిజినల్స్. ఐటీఐలో చేరాలన్నా, ఓపెన్ డిగ్రీలో చేరాలన్నా పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ కావాలి కాబట్టి నీ దారి మొత్తం ఇక్కడే ఆగి ఉంది. చదివిన రెండేళ్లలో బకాయి ఉందా, చదవని రెండేళ్ల ఫీజు అడుగుతున్నారా అనేది విడదీసి చూడు. మొదటిది ఉంటే లెక్క తేల్చుకోవాల్సిందే. అందులో రీయింబర్స్‌మెంట్ రావలసింది ఎంత, నువ్వు కట్టాల్సింది ఎంత అనేది కాగితం మీద రాయించుకో. రెండోది అడిగే హక్కు కాలేజీకి లేదు. మధ్యలో మానేసిన విద్యార్థి దగ్గర తర్వాతి సంవత్సరాల ఫీజు అడగరాదని, ఒరిజినల్స్ పట్టి ఉంచుకోరాదని ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి. ఒరిజినల్స్ విషయంలో యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషనూ అదే మాట అంటుంది.

నోటితో అడిగితే "రేపు రా" అంటారు. ప్రిన్సిపాల్ పేరు మీద దరఖాస్తు రాయి. హాల్‌టికెట్ నంబరు, ఎప్పటి నుంచి రావడం లేదు, ఏయే ఒరిజినల్స్ కాలేజీలో ఉన్నాయి, ఇవన్నీ ఉండాలి. పాసైన సెమిస్టర్ల మార్కుల మెమోలు కూడా అడుగు, వాటిని వదిలేయకు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో. ముద్ర వేయనంటే అదే దరఖాస్తును అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపు. పదిహేను రోజులు చూసి, ఆ కాపీ జతచేసి యూనివర్సిటీ రిజిస్ట్రారుకు, ఏఐసీటీఈకి ఫిర్యాదు పెట్టు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. నేను చూసినంతలో చాలా కాలేజీలు ముద్ర పడిన కాగితం చూశాకే దిగివస్తాయి.

ఒరిజినల్స్ చేతికొచ్చాక బీటెక్‌కే తిరిగిపోవాలా అని నీకు అనిపించవచ్చు. మీ కాలేజీ జేఎన్‌టీయూ హైదరాబాద్ కిందిదైతే చేరినప్పటి నుంచి 8 విద్యా సంవత్సరాల్లోపు కోర్సు ముగించాలి, కాబట్టి తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. కానీ నీ ఉత్తరంలో ఆ చదువు మీద ఇష్టం ఒక్క వాక్యంలోనూ కనిపించలేదు. పని గురించి రాసిన వాక్యంలో మాత్రం కనిపించింది. అందుకే నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ వైపు చెబుతున్నాను. 'బీటెక్ దాకా పోయి ఐటీఐకి దిగడమా' అని ఊళ్లో అనేవాళ్లుంటారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఐటీఐలో ఎలక్ట్రీషియన్లకు పాఠం చెప్పాను. ఇంటర్ చదివి, డిగ్రీ మానేసి వచ్చినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవాళ్లు.

ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది, దరఖాస్తు iti.telangana.gov.in లో. సర్కారు ఐటీఐలో సీటు కోసమే ముందు ప్రయత్నించు, ఫీజు భారం అంతగా ఉండదు. ఏసీ మోటర్ వైండింగ్ సిలబస్‌లోనే ఉంది కాబట్టి ప్రాక్టికల్స్‌లో నీకు ఇబ్బంది ఉండదు. నీలాంటివాళ్లు దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి హాజరు, 80 శాతం ఉండాలి. యాసంగిలో మోటర్లు కాలిపోయి షాపు ముందు వరుస కట్టినప్పుడు మేస్త్రి "ఈ వారం ఉండిపో" అంటాడు, అక్కడే క్లాసులు పోతాయి. రెండోది థియరీ. 'నాకు పని వచ్చు కదా' అని పుస్తకం తెరవరు. పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, అక్కడ చేతిపని కనపడదు. మేస్త్రితో ముందే మాట్లాడుకో. నెలజీతం మానేసి సాయంత్రాలు, ఆదివారాలు చేసినన్ని మోటర్లకు మోటరుకింత అని తీసుకుంటానని చెప్పు. నెల సంపాదన తగ్గుతుంది, ఇంట్లో ఆ మాట ఇప్పుడే చెప్పు.

ఇదే షాపులో అప్రెంటిస్‌గా రాయించుకుంటే పోదా అని కొందరు చెబుతారు. అప్రెంటిస్ చట్టం కింద కనీసం నలుగురు పనిచేసే చోటే అది కుదురుతుంది. ముగ్గురుండే షాపుకు కుదరదు.

పదో తరగతికి ఐటీఐ సర్టిఫికెట్ తోడైతే ఏం తెరుచుకుంటుందో హనుమకొండలోనే చూడొచ్చు. అక్కడ ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌పీడీసీఎల్ జూనియర్ లైన్‌మన్ పోస్టులు వేసినప్పుడు అడిగేది ఎలక్ట్రికల్ ఐటీఐ లేదా ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్. నీ ఎంపీసీ ఇంటర్ అందుకు పనికిరాదు. స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కు కూడా ఐటీఐతో దరఖాస్తు చేయొచ్చు. ఇంకా చదవాలనిపిస్తే బ్రిడ్జ్ కోర్సు చేసి, ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఐటీఐ రెండు, డిప్లొమా రెండు, బీటెక్ మూడు, మొత్తం ఏడేళ్లు. అంతా ఇప్పుడే నిర్ణయించుకోనక్కర్లేదు. ఎక్కడ ఆగినా చేతిలో చెల్లే కాగితం ఉంటుంది. 'ఏదైనా డిగ్రీ' అడిగే పోటీ పరీక్షలు రాయాలనుకుంటే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీకి నీ ఇంటర్ సరిపోతుంది, హనుమకొండలో స్టడీ సెంటర్ ఉంది. దాన్ని మాత్రం ఐటీఐ మొదటి ఏడాది నిలదొక్కుకున్నాకే మొదలుపెట్టు.

ఈ రెండేళ్లూ నీ చేతిపనికి కూడా సాక్ష్యం కావాలి. షాపు ఓనరు రాసిచ్చే 'బాగా పనిచేస్తాడు' అనే ఉత్తరానికి బయట పెద్ద విలువ ఉండదు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. మోటరుకు ఒక పేజీ. హెచ్‌పీ, స్టారా డెల్టానా, ఎన్ని స్లాట్లు, కాయిల్ పిచ్, ఏ గేజి వైరు, ఎన్ని చుట్లు. ఇవి అందరూ ఎక్కడో ఒకచోట రాసుకుంటారు. ఎందుకు కాలింది అనేదే ఎవరూ రాయరు, అది తప్పకుండా రాయి. స్టార్ కనెక్షన్ మోటరులో రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడి మూడోది శుభ్రంగా ఉంటే ఒక ఫేజు పోయి సింగిల్ ఫేజింగ్‌లో నడిచిందన్నమాట. మూడూ సమానంగా మాడితే ఓవర్‌లోడో, లో వోల్టేజో. ఆ మాట రైతుకు చెప్పి పంపకపోతే అదే మోటరు నెలలో మళ్లీ నీ ముందుకొస్తుంది.

తర్వాత కొలతలు. వార్నిష్ ఆరాక 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూసి రాయి. మామూలు మోనోబ్లాక్‌కు కనీసం 5 మెగోములైనా రాకపోతే బయటికి ఇవ్వకు. పంపు బిగించకముందు నో లోడ్ కరెంటు మూడు ఫేజుల్లోనూ విడివిడిగా రాయి. 5 హెచ్‌పీ మోటరు ఫుల్ లోడు మీద సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. నో లోడ్‌లో 3.1, 3.0, 3.2 లాగా దగ్గరదగ్గరగా వస్తే సరే. ఒకటి 4.5 చూపిస్తే ఆ ఫేజులో చుట్లు తగ్గాయో, షార్ట్ అయ్యాయో వెతకాలి. తిరిగొచ్చిన మోటరుంటే అదే పేజీలో ఎర్ర పెన్నుతో తేదీ, కారణం రాయి. తప్పు నీదైనా దాచకు. రేపు ఏ మిల్లు మెయింటెనెన్స్ ఇంజనీరైనా ఆ ఎర్ర గీతలు చూసే మిగతా పేజీలు నమ్ముతాడు. నా దగ్గర చదివిన పరకాల వైపు అబ్బాయి ఒకడు ఇంటర్వ్యూకు ఇలాంటి పుస్తకమే పట్టుకెళ్లాడు. వాళ్లు అరగంట సేపు అడిగిన ప్రశ్నలన్నీ తిరిగొచ్చిన నాలుగు మోటర్ల గురించేనట. ఉద్యోగం వచ్చింది.

బాపు సంగతి చివరికి ఉంచాను, కానీ మొదలుపెట్టాల్సింది ఆయనతోనే. కాలేజీలో చేరినప్పుడు తల్లిదండ్రుల సంతకం చేసింది ఆయనే అయ్యుంటాడు. ఒరిజినల్స్ దరఖాస్తు మీద కూడా ఆయన సంతకం అడుగు, కాలేజీకి వెంట రమ్మను. "నేను మానేసింది తప్పో ఒప్పో తర్వాత తిట్టు బాపూ, సర్టిఫికెట్లు మాత్రం నువ్వుంటేనే వస్తయి" అను. రెండేళ్లుగా నీ చదువు విషయంలో ఆయనను ఎవరూ ఏమీ అడిగి ఉండరు. బండి మీద నర్సంపేట నుంచి వచ్చేటప్పుడు మాట్లాడకపోయినా ఫర్వాలేదు. వీలైతే పోయే దారిలో షాపు దగ్గర ఆపు, బల్ల మీద నువ్వు చుట్టిన స్టేటర్ ఏదైనా ఉంటే చూపించు. వ్యవసాయం చేసే మనిషికి మోటరు గురించి నువ్వు వివరించాల్సిన పని లేదు.