విప్పి బిగించడమా, కొత్తది వేయడమా?

సందేహం: మా బాబాయి కారు సర్వీసుకు ఇంగ్లీషులో ఇచ్చిన ఎస్టిమేటును ఆయన కోసం తెలుగులో రాస్తున్నాను. బ్రేక్ ప్యాడ్‌ను ‘నిరోధక ఫలకం’ అనవచ్చా? కాలిపర్ పక్కన ‘ఆర్ అండ్ ఆర్’ అని ఉంటే ‘కాలిపర్ మార్చడం’ అని రాశాను, సరేనా?

సమాధానం: ఫలకం వద్దండీ. రేపు మీ బాబాయిగారు మెకానిక్‌ను ఏ పేరుతో అడుగుతారో ఆ పేరే కాగితం మీదా ఉండాలి. ప్యాడ్, డిస్కు, క్లచ్ ప్లేటు, బేరింగు మన నోళ్లలో నలిగిన మాటలే. కాలిపర్ లాంటిది ఆయనకు తెలియకపోతే, ‘ప్యాడ్లను డిస్కుకు అదిమిపట్టేది’ అని పక్కన రాస్తే చాలు.

నాకు బెంగగా ఉన్నది మీ ‘మార్చడం’ గురించి. ‘ఆర్ అండ్ ఆర్’లో మొదటిది విప్పడం. రెండోది మాత్రం రాసినవారిని బట్టి మారుతుంది: ఒకరికి తిరిగి బిగించడం, మరొకరికి కొత్తది వేయడం. ఏదో తేల్చుకోవడానికి ఆ వరుసలోని ధర గడులు చూడండి. విడిభాగం ధర, కూలీ రెండూ పడితే కొత్తది వేస్తున్నారు. కూలీ ఒక్కటే ఉంటే సాధారణంగా పాతదే విప్పి బిగిస్తున్నారు. అయితే కొందరు విడిభాగాలన్నిటినీ వేరే పట్టికలో వేస్తారు, అక్కడా వెతకండి. ఎక్కడా కాలిపర్ ధర లేకపోతే మీ ‘మార్చడం’ తప్పు. బాబాయిగారు కొత్త కాలిపర్ వచ్చిందనుకుంటారు, పాతది ఇవ్వమని అడుగుతారు కూడా. అసలు ‘మార్చడం’ అనే మాటే ఇక్కడ వదిలేసి, ‘కొత్తది వేయడం’, ‘విప్పి అదే బిగించడం’ అని రాయండి. డిస్కుకు ‘స్కిమ్మింగ్’ అని ఉంటే అది కొత్త డిస్కు కాదు. ఉన్నదాని పైపొరను చెక్కి సమం చేస్తారు.

‘ఎఫ్ ఆర్’ కూడా ఇలాంటిదే. దాని తర్వాత ‘ఎల్ హెచ్’ ఉంటే ముందు ఎడమ అని తేలిపోతుంది. ఒంటరిగా ఉంటే ‘ముందు’ కావచ్చు, ‘ముందు కుడి’ కావచ్చు. ఊహించకుండా ఎస్టిమేటు ఇచ్చినవారినే అడగండి. కుడి ఎడమలు బండికి ఎదురుగా నిలబడి చూసేవి కావు, డ్రైవరు సీట్లో కూర్చున్నవారివి. బాబాయిగారి కోసం ‘డ్రైవరుకు ఎడమవైపు’ అనే రాయండి.

ప్యాడ్లకు సంఖ్య దగ్గర ‘సెట్ 1’ అని ఉంటే ‘ఒక ప్యాడ్’ అనకండి. సాధారణంగా సెట్టంటే రెండు చక్రాలకు నాలుగు ప్యాడ్లు. ముందు చక్రాలవని రూఢి చేసుకున్నాక మీ కాగితం ఇలా ఉంటుంది:

ముందు బ్రేక్ ప్యాడ్లు – కొత్తవి, ఒక సెట్టు (రెండు చక్రాలకు నాలుగు) – వస్తువు ధర, కూలీ
ముందు కాలిపర్లు – విప్పి అవే బిగించడం – కూలీ మాత్రమే
ముందు డిస్కులు – చెక్కి సమం చేయడం – కూలీ మాత్రమే

పైన ‘బిల్లు’ అని కాక ‘అంచనా ఖర్చు’ అని పెట్టండి. చక్రాలు విప్పి కొలిచాక డిస్కు మందం కనీస హద్దుకు తగ్గిందని తేలితే చెక్కడం కుదరదు, మూడో వరుసలో కొత్త డిస్కుల ధర చేరుతుంది.