ఎడిటరుకు ఇచ్చే ముందు నవలను ఎలా దిద్దుకోవాలి?

ప్రశ్న: నవల మొదటి ప్రతి పూర్తయింది, దాదాపు 70 వేల పదాలు. డబ్బిచ్చి ఎడిటరుకు అప్పగించే ముందు నేనే ఒకసారి శుభ్రం చేద్దామనుకున్నాను. కానీ మొదటి పేజీ నుంచి దిద్దుకుంటూ వస్తే మూడో అధ్యాయం దాటలేకపోతున్నాను. మీరెలా చేశారు?

జవాబు: మూడో అధ్యాయం దగ్గర ఆగిపోవడానికి కారణం, మీరు ఒకే చదువులో అన్ని తప్పులూ వెతకడం. మాట కోసం చూస్తున్న కన్నుకు సన్నివేశం కనిపించదు. నా నవలను నెల రోజులు పక్కన పెట్టి, తర్వాత మూడు విడతలుగా దిద్దాను. ఒక్కో విడతలో ఒక్క దోషమే చూశాను, మిగతావి కంటపడినా ముట్టుకోలేదు. పెద్ద కోతలు ముందు, చిన్నవి తర్వాత. రేపు కొట్టేయబోయే పేరాకు ఈరోజు నగిషీలు చెక్కడం వృథా శ్రమ.

మొదటి విడత అధ్యాయాల ఆరంభాలకు. నా 24 అధ్యాయాల్లోనూ మొదటి నాలుగేసి వాక్యాలను వేరే ఫైలులోకి తెచ్చి వరసగా చదివాను. విడివిడిగా చదివినప్పుడు ఎన్నడూ తెలియనిది అక్కడ తెలిసింది: తొమ్మిది అధ్యాయాలు తెల్లవారడంతో మొదలవుతున్నాయి! ఏడో అధ్యాయం ఇలా ఉండేది: “తెల్లవారింది. పక్షుల కిలకిలారావాలతో ఊరు మేలుకుంది. సావిత్రి కాఫీ పెట్టుకుని, అరుగు మీద కూర్చుని రాత్రి జరిగినదంతా తలుచుకుంది. ఇంతలో పోస్టుమాన్ వచ్చి రిజిస్టరు ఉత్తరం ఇచ్చాడు.” ఇందులో పరిస్థితి మారేది నాలుగో వాక్యంలో. ఇప్పుడు ఆ అధ్యాయం “రిజిస్టరు ఉత్తరం మీద ఉన్నది అన్నయ్య పేరు కాదు, తన పేరు” అని మొదలవుతుంది. అరుగూ ఉదయమూ రెండు వాక్యాల తర్వాత నాలుగు మాటల్లో వచ్చేస్తాయి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. పన్నెండో అధ్యాయంలో కొట్టేసిన ఆరంభంలో సావిత్రి తాళంచెవిని బియ్యం డబ్బాలో దాచుతుంది. ఆ తర్వాత పదిహేనో అధ్యాయంలో ఆ తాళంచెవి దొరికేసరికి పాఠకుడికి అదెక్కడిదో తెలియదు. అందుకే కోసిన ప్రతి భాగంలోని వస్తువులు, పేర్లు మళ్లీ ఎక్కడ వస్తున్నాయో ఫైలులో వెతికి చూసుకోండి. కోసినవాటిని పూర్తిగా చెరిపేయకుండా మరో ఫైలులో దాచుకోండి.

రెండో విడత పునరుక్తికి. ఇదే ఎక్కువ సమయం తీసుకుంది. మాట తిరిగి రావడాన్ని పట్టుకోవడం తేలిక, భావం తిరిగి రావడాన్ని పట్టుకోవడం కష్టం. ప్రతి సన్నివేశానికీ “పాఠకుడికి ఇక్కడ కొత్తగా ఏం తెలిసింది?” అని ఒక్క వాక్యం రాసుకున్నాను. రెండు సన్నివేశాలకు ఒకే వాక్యం వస్తే వాటిలో ఒకటి పోవాలి. అలా మొత్తం మూడు సన్నివేశాలు తీసేశాను. వాటిలో ఒకటి నాకెంతో ఇష్టమైన పెళ్లి భోజనాల ఘట్టం.

సన్నివేశం లోపల పునరుక్తి సాధారణంగా సంభాషణ పక్కనే ఉంటుంది. “‘నేను రాను’ అంది సావిత్రి. అతనితో వెళ్లడం ఆమెకు ఏమాత్రం ఇష్టం లేదు. ఆమె గొంతులో కోపం స్పష్టంగా వినిపించింది.” ఒకే విషయాన్ని మూడుసార్లు చెప్పాను. దిద్దాక: “‘నేను రాను’ అంది సావిత్రి, గ్లాసులు కడగడం ఆపకుండా.” కంటికి దొరకని ఇలాంటివి పైకి చదివితే చెవికి దొరుకుతాయి.

మూడో విడత ఊతపదాలకు. ఎవరి జాబితా వారిదే. నాది: ఒక్కసారిగా, చాలా, అనిపించింది, మొదలుపెట్టాడు, ఉన్నట్టుగా. “రామారావు ఒక్కసారిగా లేచి నిలబడి తలుపు వైపు నడవడం మొదలుపెట్టాడు” అనేది “రామారావు లేచి తలుపు వైపు నడిచాడు” అయింది. నడక మధ్యలో ఎవరైనా ఆపితేనే “మొదలుపెట్టాడు”కు పని ఉంటుంది. ఈ పదాలను ఒక్కొక్కటిగా వెతికి, చూసి తీయండి. ఒకే దెబ్బకు అన్నిచోట్లా చెరిపేయమని కంప్యూటరుకు చెప్పకండి. “చాలా”ను అలా తీసేస్తే “చాలామంది” కాస్తా “మంది”గా మిగులుతుంది. పాత్రల మాటల్లోని “మరి”, “కదా”, “లే” జోలికీ వెళ్లకండి, మనిషి గొంతు వాటిలోనే ఉంటుంది. “మెల్లమెల్లగా”, “చిన్నచిన్న” లాంటి జంటమాటలు కూడా పునరుక్తి కావు.

68 వేల పదాల నవల 59 వేలకు వచ్చింది. నా ఎడిటరు పేజీల లెక్కన తీసుకుంటారు కాబట్టి ఖర్చూ తగ్గింది. అంతకంటే ముఖ్యం, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న వాక్యాల గురించి కాదు: “అన్నయ్య ఆ ఇల్లు ఎందుకు అమ్మాడు?” కారణం నా మనసులో ఉంది, నవలలో ఎక్కడా లేదు. ఎన్ని విడతలు దిద్దినా అది నాకు కనిపించేది కాదు. మీరు కూడా మూడో విడత అయ్యాక మళ్లీ మొదటికి వెళ్లకుండా, ప్రతిని ఎడిటరు చేతికి ఇచ్చేయండి.