సైట్‌లో నమస్తే చెప్పినా ఎవరూ పలకడం లేదా?

బెంగళూరులో కొత్తగా సైట్ ఇంజనీర్‌గా చేరిన తమ్ముడొకడు అడిగాడు, "అన్నా, పొద్దున్నే అందరికీ నమస్తే చెబుతున్నా, ఒక్కరూ తిరిగి చూడటం లేదు, బయటివాడినని పక్కన పెడుతున్నారా?" అని. ఎవరూ పక్కన పెట్టడం లేదు తమ్ముడూ, నీ మాట వాళ్లకు వినపడటం లేదంతే. స్లాబ్ పోసే రోజు కాంక్రీట్ పంపు, వైబ్రేటర్, కడ్డీలు కోసే మెషీన్ అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి కదా, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి కూడా అరిచి చెప్పాల్సి వస్తోందంటే చప్పుడు 85 డెసిబెల్స్ దాటిందనే లెక్క. అక్కడ నోటితో పలకరిస్తే దండగ.

నేను పల్నాడు నుంచి వచ్చిన కొత్తలో నాదీ ఇదే బాధ. రూముకెళ్తే మాట్లాడే మనిషి లేడు, సైట్‌లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కరూ నా ముఖం చూడలేదనిపించేది, అలాంటి రోజుల్లో రాత్రి అన్నం కూడా సహించేది కాదు. అందుకని ఎవరు కనపడినా పెద్దగా చేతులు ఊపడం మొదలుపెట్టా. ఒకరోజు మా హైడ్రా క్రేన్ డ్రైవర్, కర్నూలు మనిషి, బండి నడుపుకుంటూ ఎదురుగా వస్తున్నాడు. సైట్ మొత్తంలో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే, ఆ సంతోషంలో చేయి పక్కకు బారుగా చాచి అటూ ఇటూ ఊపేశా. హుక్కుకు కడ్డీల కట్ట వేలాడుతోంది. క్రేన్ పనిలో చేయి పక్కకు చాచి, అరచేయి కిందికి పెట్టి అలా ఊపితే 'ఆపు' అని, రెండు చేతులూ ఊపితే 'వెంటనే ఆపేయ్' అని. మిగతా సంకేతాలు సిగ్నల్ మనిషి ఇస్తేనే డ్రైవర్ వింటాడు, ఆపమని మాత్రం ఎవరు చూపించినా ఆపాల్సిందే. అతను బ్రేకు వేశాడు, కట్ట ముందుకు ఊగింది, పక్కన తాడు పట్టుకుని నడుస్తున్న కుర్రాడు తాడు వదిలేసి దూకాడు. దెబ్బలేం తగల్లేదు గానీ ఆ కుర్రాడు చాలాసేపు లేవకుండా నేల మీదే కూర్చుండిపోయాడు.

క్రేన్ సంకేతాల చార్టు మీ సేఫ్టీ ఆఫీసర్ దగ్గర ఉంటుంది, చూసుకో. దాంట్లో రాయనిది నేను చెబుతా.

ముందు అవతలి మనిషి చేతిలో ఏముందో చూడాలి. గ్రైండర్ తిరుగుతుంటే పలకరించొద్దు, బ్లేడు పూర్తిగా ఆగేదాకా నిలబడు. హుక్కు మీద బరువుంటే డ్రైవర్‌నీ, సిగ్నల్ ఇచ్చే మనిషినీ ఇద్దరినీ వదిలేయ్, సిగ్నల్ మనిషి చూపు ఒక్క క్షణం నీ మీదికి మళ్లినా ఆ బరువును చూసేవాడు ఉండడు. బరువు నేల మీద పెట్టి, హుక్కు ఖాళీ అయ్యాక పలకరించు.

ఉదాహరణకు కడ్డీలు కట్టే మేస్త్రీ ఇరవై అడుగుల దూరంలో వంగి పనిచేస్తున్నాడనుకో. వెనక నుంచి వెళ్లి భుజం తట్టకు, ఉలిక్కిపడతాడు, కాళ్ల కింద అంతా కడ్డీలే. అతని ఎదురుగా, తల ఎత్తితే నువ్వు కనపడేచోట నిలబడు. తల ఎత్తుతాడు, కళ్లు కలుస్తాయి. కలిసేదాకా చేయి ఎత్తొద్దు, ఇక్కడే ఇప్పుడొచ్చే పిల్లలు తొందరపడతారు, నడుస్తూ ఒక చేయి విసిరేసి వెళ్లిపోయి, పలకలేదని మళ్లీ వాళ్లే బాధపడతారు. కళ్లు కలిశాక కుడిచేయి గుండె మీద పెట్టి తల కొంచెం వంచు. చేయి ఒంటికి ఆనుకుని ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూసినవాడు ఏ సంకేతమో అని పొరబడడు. మాస్కు ఉంటే నీ నవ్వు కనపడదు, కనుబొమలు ఎత్తు.

తిరిగి వచ్చే జవాబు చాలా చిన్నదిగా ఉంటుంది. అతని రెండు చేతుల్లో కడ్డీ ఉంటే గడ్డం కాస్త పైకెత్తుతాడు, లేదంటే తల పక్కకు ఊపుతాడు, అంతకంటే ఏం చేయగలడు? అదే నమస్తే. ఇన్నాళ్లూ నీకు అవి వస్తూనే ఉండి ఉంటాయి, నువ్వు ఆగి చూసి ఉండవు.

మధ్యాహ్నం దాటాక అయితే అయిదు వేళ్లూ దగ్గరికి చేర్చి నోటి దగ్గర పెట్టి, కనుబొమలు ఎగరేసి అడుగు. ఇక్కడ కన్నడిగులు ఎదురుపడగానే "ఊట ఆయ్తా?" అంటారు, తిన్నావా అని. చేత్తో అడిగితే ఒడియా కుర్రాడికీ తెలుస్తుంది, పాలమూరు మేస్త్రీకీ తెలుస్తుంది, భాష రాదన్న టెన్షన్ అక్కర్లేదు. నాకు ఈ ఊళ్లో మొదటి స్నేహితుడు దొరికింది ఇలా అడిగితేనే, తినలేదని చేయి అడ్డంగా ఊపి తన టిఫిన్ డబ్బా వైపు చూపించాడు, ఇద్దరం కలిసి తిన్నాం.

సైగలతో స్నేహం అంతకంటే ముందుకు పోదు. టీ వేళకు మెషీన్లు ఆగుతాయి కదా, పొద్దున గడ్డం ఎత్తినవాడి పక్కకు నీ గ్లాసు పట్టుకుని వెళ్లి కూర్చో, ఏ ఊరని అడుగు.